అబ్బ పాట: ఉయ్యాలవాడ నుంచి మన బడి దాకా

ఉయ్యాలవాడ అనగానే ఇవాళ ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నరసింహారెడ్డి. 1847లో కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. 2019లో సినిమా వచ్చాక ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు. సినిమాకు చాలా ముందునుంచే మన సీమలో కోలాటాల్లో, చెక్కభజనల్లో, జోలెపట్టుకుని తిరిగే పాటగాళ్ల నోళ్లలో ఆయన కథ ఆడుతూనే ఉంది. అదే ఊరి నుంచి ఇంకో పాట కూడా వచ్చింది. దాని గురించి మన బడిలో చదివినవాళ్లలోనే చాలామందికి తెలియదు. అది బుడ్డా వెంగళరెడ్డి పాట.

వెంగళరెడ్డి యుద్ధం చేయలేదు, ఉరికంబం ఎక్కలేదు. 1866లో కరువు వచ్చినప్పుడు ఆకలితో వచ్చినవాళ్లకు గంజి పోయించాడు, అన్నం పెట్టించాడు. అప్పటికి కర్నూలు-కడప కాలువ పని ఇంకా నడుస్తూనే ఉంది. 1863లో మొదలైన ఆ కాలువ 1870కి గానీ పూర్తికాలేదు. అంటే ఆకాశం మోసం చేస్తే ఈ నల్లరేగడికి వేరే దిక్కు లేని రోజులవి. ఆయన చేసిన పనికి దొరతనం విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం ఇచ్చింది. ఆ పతకాన్ని మనలో చూసినవాళ్లు ఎవరూ ఉండరు. పాట మాత్రం మా జేజి తరం దాకా నడిచి వచ్చింది. పతకం ఇచ్చినవాళ్లకు ఆయన గంజి రుచి తెలియదు, పాట కట్టినవాళ్లకు తెలుసు. ఏది నిలిచిందో, ఎందుకు నిలిచిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఈ వ్యాసం నిజానికి మన అబ్బ పాట గురించి. ఆయన సంవత్సరీకం నాడు మన బడి ఆవరణలో జరిగిన సభలో పాడిన పాట ఎలా తయారైందో రాసిపెట్టమని సంఘం పెద్దలు అడిగారు. ఆ సభకు రాలేకపోయిన పూర్వ విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగానే రాస్తున్నాను. కానీ ఆ పాట గాల్లోంచి పుట్టలేదు. దాని వెనుక వెంగళరెడ్డి పాట ఉంది. అందుకే ముందుగా ఆ సంగతి.

మన ప్రాంతంలో పోయినవాళ్లను తలుచుకునే పద్ధతులు రకరకాలుగా ఉన్నాయి. పోరులో చచ్చినవాడికి, దొంగల నుంచి పశువుల మందను కాపాడుతూ పడిపోయినవాడికి వీరగల్లు నిలిపేవారు. కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కిన అలాంటి రాళ్లు సీమ ఊళ్లలో పొలిమేరల దగ్గర, గుడి పక్కన ఇప్పటికీ కనిపిస్తాయి. మంచంలో కన్నుమూసిన పెద్దమనిషికి మాత్రం రాయి లేదు. ఆయనకు ఉన్నవి వేరు. పోయిన రోజు ఆడవాళ్లు రాగాలు తీసి ఏడుస్తారు. ఆ రాత్రి భజనవాళ్లు వచ్చి తత్వాలు పాడతారు. బ్రహ్మంగారి మఠం మనకు దగ్గరే కనుక ఎక్కువగా వీరబ్రహ్మేంద్రస్వామి తత్వాలే వినిపిస్తాయి. రాగాలు తీసి ఏడ్చే పాట పోయినవాణ్ణి వెనక్కి రమ్మని పిలుస్తుంది. తత్వం ఇక రాడని ఉన్నవాళ్లకు నచ్చజెబుతుంది. ఆ రెంటికీ ఆ రోజు ఆ ఇంట్లో పని ఉంది. అయితే ఆ మనిషి బతికినన్నాళ్లూ ఏం చేశాడో చెప్పడం ఆ రెంటి పనీ కాదు.

ఆ పని చేసే పాట మూడో రకం. వెంగళరెడ్డి పాట అలాంటిది. అందులోని మాటలు ఇక్కడ రాయను, కానీ దాని తీరు చెప్పవచ్చు. ఆ పాట ఉయ్యాలవాడ ఎటువైపు ఉందో దిక్కు చెబుతుంది. అక్కడికి వెళ్లి చూడమంటుంది. ధర్మం ఆ ఊళ్లో ఉండేదని కాకుండా, ఉంది అనే చెబుతుంది. నాకు తోచింది ఏమిటంటే, ఇది ఆయన బతికి ఉండగానే పుట్టిన పాట. ఆకలిగొన్నవాడు ఇంకో ఆకలిగొన్నవాడికి చెప్పిన చిరునామా. ఫలానా దిక్కున ఫలానా ఊళ్లో అన్నం దొరుకుతుంది, పోండి అని. ఆయన పోయాక కూడా పాటగాళ్లు ఆ క్రియను భూతకాలంలోకి మార్చలేదు. అలా చిరునామా కాస్తా జ్ఞాపకం అయింది. అందులో కన్నీళ్లు వెతికితే దొరకవు.

నరసింహారెడ్డి పాటను దీని పక్కన పెట్టి చూడండి. అందులో బలమంతా పోరాటం మీదా, చివరికి ఆయన పడిపోవడం మీదా ఉంటుంది. వీరుడి కథకు చావే శిఖరం. పెద్దమనిషి కథకు చావు శిఖరం కాదు. తొంభై ఏళ్లు బతికి నిద్రలో పోయిన మనిషి చావులో చెప్పడానికి ఏముంటుంది? ఆయన రోజూ చేసిన పనిలోనే కథ ఉంటుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే మన సంస్మరణ సభల్లో పాడే పాటలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. వీరుడి పాట బాణీ తీసుకుని పెద్దమనిషికి తొడుగుతారు. దీపం ఆరిపోయింది, చెట్టు కూలిపోయింది, ఊరు చీకటైంది అంటారు. సభలో ఉన్నవాళ్లు తలలు వంచుకుని వింటారు. మర్నాటికి ఒక్క లైనూ గుర్తుండదు.

అబ్బకు కట్టిన మొదటి పాట కూడా అలాగే వచ్చింది. హైదరాబాదులో స్థిరపడిన మన పూర్వ విద్యార్థి ఒకాయన ఎంతో ప్రేమగా రాసి పంపాడు. కరుణామూర్తి, త్యాగధనుడు, విద్యాప్రదాత, ఆపద్బాంధవుడు అన్నీ ఉన్నాయి అందులో. భాషలో ఒక్క తప్పు లేదు. రామాలయం అరుగు మీద కూర్చుని అందరం విన్నాం. మన ఊరి చెక్కభజన గురువు చివరిదాకా విని, చెక్కలు ఒళ్లో పెట్టుకుని, ఒకే ఒక మాట అడిగాడు.

“ఇందులోంచి అబ్బ పేరు తీసేసి పక్కూరి రెడ్డి పేరు పెడితే ఏమన్నా తేడా వస్తాదా నాయనా?”

ఎవరూ మాట్లాడలేదు. రాదని అందరికీ తెలుసు.

“అట్లయితే ఇది బిరుదుల సంచి. పాట కాదు. అబ్బ ఏం చేసినాడో చెప్పండి, నేను అడుగు వేసి చూపిస్తా.”

ఆ ప్రశ్న ఇలాంటి పాట ఏదైనా రాయబోయేవాళ్లు జేబులో పెట్టుకోదగ్గది. పేరు మారిస్తే ఇంకొకరికి సరిపోయే చరణం కొట్టేయాలి. మొదటి పాటకు ఆ పరీక్ష పెడితే పదహారు చరణాల్లో ఒక్కటి మిగిలింది. అందులో కళ్లం మాట ఉంది.

తరువాత మూడు సాయంత్రాలు ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి అబ్బ చేసిన పనులు చెప్పమన్నాం. నేను పుస్తకంలో రాసుకున్నాను. ఒకటే షరతు పెట్టాం. “మంచోడు”, “గొప్పోడు” అనకూడదు, ఆయన ఏ రోజు ఏం చేశాడో చెప్పాలి. మొదటి సాయంత్రం జనం తడబడ్డారు. గొప్ప మనిషి అనకుండా గొప్ప మనిషి గురించి చెప్పడం ఎవరికీ అలవాటు లేదు. రెండో రోజుకు నోళ్లు విప్పారు. మూడో రోజు లాంతరు వెలుగులో పది దాటేదాకా ఎవరూ లేవలేదు. నవ్వులే ఎక్కువ. చివరికి నలభైకి పైగా సంగతులు తేలాయి.

మీకు తెలిసినవే కొన్ని. బడికి ఇల్లు లేనప్పుడు జొన్నలు నూర్చుకునే తన కళ్లం ఇచ్చేశాడు. ఆ ఏడు ఆయన పంట వేరేవాళ్ల కళ్లంలో నూర్చారు. పదో తరగతి పిల్లలు రాత్రిపూట చదువుకోవడానికి లాంతర్లకు చమురు ఆయన ఇంటి నుంచే వచ్చేది. పొద్దున గంట కొట్టేసరికి చేతికర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. రాని పిల్లవాడి ఇంటికి తానే వెళ్లేవాడు. కొట్టేవాడు కాదు, జేబులోంచి బెల్లం ముక్క తీసి చూపించేవాడు. ఒక చెవి వినపడదు కాబట్టి, మనం చెప్పే సాకులన్నీ ఆ చెవి వైపు తిరిగి వినేవాడు. ఈ చివరి సంగతికి అరుగు మీద అందరూ పడీపడీ నవ్వారు. అది పాటలోకి ఎక్కలేదు, నాకు ఇప్పటికీ ఆ బాధ ఉంది.

నలభై సంగతులూ పాటలో పట్టవు. ఎన్ని పడతాయో తేల్చింది అడుగు. చెక్కభజనలో పాడేవాళ్లే ఆడతారు. గురువు ఒక పాదం చెబితే గుంపు అందుకుంటుంది, మళ్లీ పల్లవికి వస్తుంది. అలా తిప్పి తిప్పి పాడితే ఒక్కో చరణానికి నిమిషంన్నర పడుతుంది. ఆడేవాళ్లలో సగంమంది యాభై దాటినవాళ్లు. ఎనిమిది నిమిషాలకు మించితే ఊపిరి అందదని గురువు తేల్చాడు. అంటే పల్లవి కాక నాలుగైదు చరణాలు. ఇంజనీరుగా నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. ఎంత బరువు మోయాలో తెలిశాకే కదా ఎంత కడ్డీ వేయాలో తేల్చుతాం.

ఇక నడక. మొదట మనవాళ్లలో ఒకరు మంచి పల్లవి తెచ్చారు:

గంట మోగిందిరా అబ్బ వచ్చాడురా

దీన్ని లెక్కపెట్టి చూడండి. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ సున్నా ఉన్నదానికీ ఒత్తు ముందున్న అక్షరానికీ రెండు మాత్రలు. “గంట మో” ఐదు, “గిందిరా” ఐదు, “అబ్బ వ” ఐదు, “చ్చాడురా” ఐదు. ఖండగతి అంటారు దీన్ని. కూర్చుని పాడుకుంటే చెంగుచెంగున గెంతుతుంది. ఆడబోయేసరికి చిక్కు వచ్చింది. మన ఊరి భజన అడుగు నాలుగు మాత్రలది, తకధిమి తకధిమి అని నడుస్తుంది. కుడికాలు, ఎడమకాలు, వంగి ఒక చెక్క, లేచి ఒక చెక్క. ఐదో మాత్ర వచ్చేసరికి కాలు గాల్లో ఉండిపోయింది. రెండో వరసలో ఇద్దరు ఢీకొన్నారు. కొత్త అడుగు నేర్పడానికి నెలరోజులు కావాలన్నాడు గురువు. సభకు ఉన్నది పన్నెండు రోజులు. మార్చాల్సింది మాటనే.

గంటా మోగితె అబ్బే వచ్చును
చేతిలొ కర్రా చప్పుడు వినరా

గంటా, మోగితె, అబ్బే, వచ్చును. నాలుగు నాలుగులు పదహారు. “గంట”ను “గంటా” అని సాగదీయడం, “మోగితే”ను “మోగితె” అని కుదించడం పాటలో చెల్లుతాయి, చదువుకునే పద్యంలో అయితే మాస్టారు ఎర్రసిరాతో చుట్టేవారు. మాత్రల కోసం చేసిన ఈ మార్పులో మేము అనుకోని లాభం ఒకటి జరిగింది. “వచ్చాడు” పోయి “వచ్చును” వచ్చింది. వచ్చాడు అంటే ఒక రోజు సంగతి. వచ్చును అంటే రోజూ జరిగేది, రేపు కూడా జరిగేది. వెంగళరెడ్డి పాటలో ధర్మం “ఉంది” అన్నట్టే ఇక్కడ అబ్బ “వచ్చును”. గురువుకు ఈ పోలిక చెబితే, “పాతోళ్లు ఊరికే కట్టినారా” అన్నాడు.

కళ్లం చరణం ఒక్కరోజులో కుదిరింది:

జొన్నలు నూర్చిన కళ్లము నిచ్చెను
పలకలు బలపము పంటగ పండెను

లాంతరు చరణం, బెల్లం చరణం కూడా పెద్దగా కష్టపెట్టలేదు:

లాంతరు వెలుగున లెక్కలు నేర్చిరి
చమురూ డబ్బా అబ్బది కాదా

బడి యెగ్గొడితే ఇంటికి వచ్చును
బెల్లపు ముక్కతొ వెంటను తెచ్చును

పాదం మొదటి అక్షరం సగం దగ్గర మళ్లీ పలికితే వినడానికి బాగుంటుందని మనకు బడిలో యతి పాఠంలో చెప్పారు. పలకలు-పంటగ అలా పడ్డది. పడనిచోట వెతుక్కుంటూ కూర్చోలేదు. యతి కోసం బెల్లాన్ని బూరెగా మార్చుదామని ఒకరంటే, “అబ్బ జేబులో బూరె ఎప్పుడు చూసినావప్పా” అని నలుగురు ఒక్కసారే అడిగారు.

అసలు రాపిడి బావి చరణం దగ్గర వచ్చింది. బడి వెనక మెట్లబావి సంగతి మనలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఒకప్పుడు కాలనీ పిల్లలు ఆ మెట్లు దిగకూడదు. పైన నిలబడి దోసిలి పడితే ఎవరైనా పోయాలి. బడి మొదలైన కొత్తలో అది పోయింది. ఎలా పోయిందో పాటలో చెప్పాలా వద్దా అన్నదే గొడవ. సంతోషంగా తలుచుకునే సభలో పాత పుండు ఎందుకు గోకడం అన్నారు కొందరు. చెప్పకపోతే అబ్బ చేసిన వాటిలో పెద్దది వదిలేసినట్టే అన్నారు ఇంకొందరు. మాట పెరిగింది. ఒక దశలో ఆ చరణం ఉంటే మేము చెక్క పట్టం అన్నారు ఇద్దరు, లేకపోతే మేము సభకే రాం అన్నారు కాలనీ నుంచి వచ్చినవాళ్లు.

చరణం ఉండాలనే పక్షం వాళ్లు రాసుకొచ్చింది ఇది:

బావికి మెట్లూ అబ్బే దింపెను

అంటే అబ్బే అందరినీ మెట్లు దింపాడని. కాలనీలో పెద్దామె ఒకామె, డెబ్బై దాటిన మనిషి, అంతదాకా మూలన కూర్చుని వింటూ ఉంది. ఆమె లేచి దీన్ని కూడా ఒప్పుకోలేదు.

“దోసిట్లో పోయించుకుని తాగినోళ్లం మేము. ఆ మాట పాటలో ఉండాల్సిందే, లేకుంటే అది మా పాట కాదు. కానీ అబ్బ మమ్మల్ని దింపలేదు సామీ. మా అన్న పలక సంకన పెట్టుకుని వాడే దిగినాడు. అబ్బ వచ్చి పై మెట్టు మీద కర్ర అడ్డం పెట్టుకుని కూసున్నాడు. పొద్దు మునిగేదాకా లేయలేదు. మా అన్నను ఎవురూ లాగలేకపోయినారు. ఆయన చేసింది అది. అది తక్కువా?”

అరుగు మీద చాలాసేపు నిశ్శబ్దం. నాకైతే నలభై సంగతుల్లో ఇంత బరువైనది ఇంకోటి కనిపించలేదు. ఎవరు దిగారు, ఎవరు కూర్చున్నారు అన్న తేడా అంత ముఖ్యమా అని ఎవరికైనా అనిపించవచ్చు. ముఖ్యమే. దింపాడు అంటే దిగిన పిల్లవాడి ధైర్యం పాటలోంచి మాయమైపోతుంది. అబ్బ కూడా తాను చేయని పనికి మెప్పు తీసుకునే మనిషి కాదు. మెచ్చుకునే పాట అబద్ధం చెప్పడం మొదలుపెట్టేది సరిగ్గా ఇలాంటి చోటే. ఒక్క క్రియ దగ్గర జారితే చాలు. చెక్క పట్టం అన్న ఇద్దరిలో ఒకాయన ఆ రోజు మెట్టు మీద అబ్బతో వాదన పెట్టుకున్నవాళ్ల కొడుకట. ఆయనే అడిగాడు, “ఎవరి పేరూ లేకుండా చెప్పొచ్చు గదా” అని. అలా ఈ రూపం వచ్చింది:

బావికి మెట్లూ అందరి కొకటే
దోసిలి పట్టిన నీళ్లే సాక్ష్యం

ఇందులో అబ్బ పేరు లేదు, దిగిన పిల్లవాడి పేరూ లేదు, అడ్డుపడ్డవాళ్ల పేరూ లేదు. దోసిలి మాట మాత్రం ఉంది. పెద్దామె రెండుసార్లు పాడించుకుని విని, సరే అంది. పేరు మార్చే పరీక్ష దీనికి పెడితే నెగ్గుతుందా అని నేను గురువును అడిగాను. “ఆ బావి ఇంకో ఊళ్లో ఉందా?” అన్నాడు.

చావు గురించి ఒక చరణం ఉండాలా అన్న ప్రశ్న కూడా వచ్చింది గానీ దాని మీద పెద్ద చర్చ జరగలేదు. దినం నాడు ఏడ్చినాం, తత్వాలు పాడినాం, ఆ లెక్క తీరింది అన్నారందరూ. అబ్బ కొడుకే వద్దన్నాడు.

సభ రోజు ఒక్క ఇబ్బంది వచ్చింది. చెక్కభజన మెల్లగా మొదలై పోనుపోను వేగం అందుకుంటుంది. చూసేవాళ్లు ఈలలు వేసేది ఆ వేగానికే. కానీ వేగం రెట్టింపైతే మాటలు చెక్కల చప్పుడులో కొట్టుకుపోతాయి. మామూలు భజనలో రామకథ అందరికీ తెలిసినదే కాబట్టి మాట వినపడకపోయినా నష్టం లేదు. ఇక్కడ మాటే సరుకు. ముందురోజు సాధనలో నేను గేటు దగ్గర నిలబడి విన్నాను. పల్లవి తప్ప ఏదీ తెలియలేదు, బావి చరణం అయితే పూర్తిగా పోయింది. గురువు అప్పటికప్పుడు పద్ధతి మార్చాడు. చరణం వచ్చినప్పుడు చెక్కలు ఆపి, ఒక్క మద్దెల, తాళాల మీద మెల్లగా పాడాలి. పల్లవికి వచ్చాక చెక్కలు, గజ్జెలు, వేగం అన్నీ. అలా చేసేసరికి చరణం చివర చెక్కలు ఒక్కసారి లేచినప్పుడు సభ సభంతా పల్లవి అందుకుంది. మైకు అవసరం కూడా లేకపోయింది. మూడోసారి పల్లవికి ఎవరో పరుగెత్తి వెళ్లి నిజంగానే బడి గంట కొట్టారు. ఎవరు కొట్టారో ఇప్పటికీ ఒప్పుకోరు.

తరువాతి సంగతి చెబితే ఈ చరిత్ర పూర్తవుతుంది. ఏడాది తిరిగి నేను ఊరికి వెళ్తే పాట మారి ఉంది. పిల్లలు పల్లవిని దాగుడుమూతల ఆటలో వాడుతున్నారు, “కర్రా చప్పుడు వినరా” అనగానే అందరూ దాక్కోవాలి. ఆడవాళ్లు దాన్ని కోలాటానికి ఎత్తుకున్నారు. అడుగు నాలుగు మాత్రలదే కావడంతో కోలలకూ సరిగ్గా కుదిరింది. అంతకంటే ముఖ్యంగా, వాళ్లు ఒక చరణం కలిపారు. మేము మూడు సాయంత్రాలు కూర్చుని నలభై సంగతులు రాసుకున్నా మాకెవరికీ తట్టనిది అది. పొరుగూళ్ల నుంచి నడిచి వచ్చే పిల్లలకు మధ్యాహ్నం అబ్బ ఇంట్లో తిండి పెట్టేవాళ్లు కదా. పెట్టింది అబ్బే అని మేమంతా చెప్పుకున్నాం. పొయ్యి దగ్గర కూర్చున్నది ఎవరని వాళ్లు అడిగారు.

అబ్బది కళ్లం అవ్వది రొట్టే
పొయ్యీ పొగలో పొద్దులు గడిచే

సంక్రాంతి రోజుల్లో ఒక సాయంత్రం ఈ చరణం అవ్వ ఇంటి ముందే పాడారు. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు, చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. అరుగు మీద కూర్చుని చివరిదాకా విని, కోలలు పట్టుకున్న మనవరాలి ఈడు పిల్లను దగ్గరకు పిలిచింది.

“రొట్టె ఎవురు చేసినారమ్మా? అంతమందికి రొట్టె కొట్టేకి నాకు ఎన్ని చేతులున్నాయి? నేను పెట్టింది సంగటి.”

ఆ పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. సంగటి కూడా నాలుగు మాత్రలే. మర్నాటి నుంచి అలాగే పాడుతున్నారు.